కండరం బిగువును చేత్తో పరీక్షించడం: స్పిండిల్ ఏం చేస్తోంది, గాల్జీ ఏం చేస్తోంది

పక్షవాతం వచ్చిన మనిషి పాదాన్ని అరచేత్తో పట్టుకుని పైకి నెట్టి చూడండి. చేతికి ఏదో అడ్డు తగులుతుంది. చాలామంది కేస్ షీట్లో "టోన్ పెరిగింది" అని రాసేసి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోతారు. ఆ రెండు మాటలతో వైద్యం నడవదు. ఆ అడ్డు మూడు చోట్ల నుంచి రావచ్చు. కండరం, టెండన్ వాటంతట అవే బిర్రబిగిసి పొట్టిగా మారి ఉండొచ్చు. సాగదీయగానే వెన్నుపాము జవాబిచ్చి కండరాన్ని బిగించి ఉండొచ్చు. లేదా టెన్షన్ వల్లో నొప్పి వల్లో పేషెంటే కాలు బిగబట్టి ఉండొచ్చు. మొదటిదానికి మాత్రలు పనిచేయవు. రెండోదానికి వ్యాయామం ఒక్కటే సరిపోకపోవచ్చు. మూడోదానికి మీరు కాసేపు ఆగి, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడితే చాలు.

ఈ మూడింటినీ విడదీయడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. మీ చేతులు, కోణం కొలిచే గోనియోమీటర్, ఒక రిఫ్లెక్స్ హేమర్ ఉంటే చాలు. అయితే చేతిని ఎంత వేగంగా కదుపుతున్నారో మీకు స్పష్టంగా తెలిసుండాలి. పరీక్ష మొత్తం వేగం మీదే ఆధారపడి ఉంటుంది. ఫిజియోథెరపీ, ఎంబీబీఎస్ విద్యార్థులను, వార్డులో కొత్తగా చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని, చీలమండను ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. పద్ధతి తెలిశాక మోచేతికైనా మోకాలికైనా అదే వర్తిస్తుంది.

పేషెంటును ముట్టుకునే ముందు: రెండు సెన్సర్లు, రెండు వేర్వేరు పనులు

మజిల్ స్పిండిల్ కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే సన్నటి తిత్తి. అది కండరం లోపల మామూలు కండర తంతువుల పక్కనే, వాటికి సమాంతరంగా ఉంటుంది. కాబట్టి కండరం సాగితే అదీ సాగుతుంది, కండరం పొట్టిదైతే అదీ వదులవుతుంది. దాని లోపల కొన్ని చిన్న ప్రత్యేక తంతువులు ఉంటాయి. వాటి నడుమ భాగానికి వన్-ఎ అనే లావుపాటి నరం చుట్టుకుని ఉంటుంది. వన్-ఎ నరం రెండు విషయాలు చెబుతుంది: కండరం ఎంత పొడవు సాగింది, ఎంత వేగంగా సాగుతోంది. రెండోది దానికి మరీ ముఖ్యం. సాగదీత జరుగుతున్నంతసేపూ సిగ్నళ్లు దడదడా పోతాయి, సాగదీత ఆపగానే బాగా తగ్గుతాయి. స్పిండిల్ చివరల వైపు ఉండే గ్రూప్-టూ నరాలు మాత్రం వేగాన్ని పెద్దగా పట్టించుకోవు, పొడవునే చెబుతుంటాయి.

వన్-ఎ నరం వెన్నుపాములోకి వెళ్లి, అదే కండరాన్ని నడిపే ఆల్ఫా మోటార్ న్యూరాన్‌ను నేరుగా తాకుతుంది. మధ్యలో మరో నరకణం ఉండదు. అందుకే వెన్నుపాములో పట్టే సమయం ఒక మిల్లీసెకను కంటే తక్కువ. మోకాలి కింద హేమర్ తగిలిన దాదాపు 20 మిల్లీసెకన్లకే తొడ కండరంలో విద్యుత్ సంకేతం కనిపిస్తుంది. ఆ సమయంలో ఎక్కువ భాగం నరం వెంట పోయిరావడానికే సరిపోతుంది. వన్-ఎ కొమ్మ ఒకటి మధ్యలో ఒక నిరోధక న్యూరాన్ ద్వారా ఎదుటి కండరాన్ని వదులు చేస్తుంది కూడా. పిక్క బిగుస్తుంటే ముందువైపు కండరం అడ్డు తగలకుండా ఉండేది ఇందువల్లే.

గాల్జీ టెండన్ ఆర్గాన్ ఉండే చోటే వేరు. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే ఈ సెన్సర్ కండరం టెండన్‌తో కలిసే చోట ఉంటుంది. సుమారు 10 నుంచి 20 కండర తంతువులు దీనికి వచ్చి అతుక్కుంటాయి. బావిలో చేదను తాడుకు కట్టిన ముడి లాంటిది ఇది. తాడు లాగితే ఆ బరువు ముడి మీదుగానే పోవాలి. అందుకే గాల్జీ చెప్పేది పొడవు గురించి కాదు, లాగుడు బలం గురించి. దాని కబురు మోసే నరం పేరు వన్-బి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోండి, తర్వాత చాలాచోట్ల పనికొస్తుంది. వదులుగా ఉన్న కండరాన్ని మీరు బయట నుంచి సాగదీస్తే ఆ సాగుడులో ఎక్కువ భాగం మెత్తని కండరమే తీసేసుకుంటుంది, గాల్జీకి పెద్దగా లాగుడు అందదు. అదే పేషెంటు తనంతట తాను కండరాన్ని కొద్దిగా బిగిస్తే, గాల్జీకి అతుక్కున్న ఒక్క మోటార్ యూనిట్ పనిచేసినా అది పలుకుతుంది. అంటే ప్రమాదకరమైన బరువు పడినప్పుడు మాత్రమే లేచే అలారం కాదు అది. లేచి నిలబడినా, ఒక గ్లాసు ఎత్తినా అది పనిచేస్తూనే ఉంటుంది.

మామూలు బిగువు ఎక్కడిది?

ఆరోగ్యంగా ఉన్న మనిషి కండరాన్ని పూర్తిగా వదిలేసి పడుకుంటే, అందులో ఎలక్ట్రోమయోగ్రామ్ సూది గుచ్చినా ఏ చప్పుడూ వినిపించదు. రిఫ్లెక్స్ వల్ల కండరం నిరంతరం కొద్దికొద్దిగా బిగిసి ఉంటుందని, అదే టోన్ అని చాలామంది చదువుకుని ఉంటారు. నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు శరీరాన్ని నిలిపే కండరాల విషయంలో ఆ మాటకు అర్థం ఉంది. మంచం మీద పూర్తిగా విశ్రాంతిగా ఉన్న కాలి విషయంలో మాత్రం, మీ చేతికి తగిలే కాస్త అడ్డు కండరం, దాని చుట్టూ ఉన్న పొరలు, టెండన్ ఇచ్చేదే. నెమ్మదిగా కదిపినంతవరకూ వెన్నుపాము నోరు మెదపదు. పరీక్షకు పునాది ఇదే. నెమ్మదిగా కదిపితే పదార్థం జవాబిస్తుంది, వేగంగా కదిపితే ఆ పదార్థం మీద రిఫ్లెక్స్ కూడా వచ్చి చేరుతుంది.

మొదట పడుకోబెట్టడం, వదులు చేయించడం

పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టండి. తల కింద ఒక దిండు, తల నిటారుగా. తల ఒక పక్కకు తిరిగి ఉంటే చేతుల బిగువు మారిపోవచ్చు. గది మరీ చల్లగా ఉండకూడదు, కడుపు కింద మూత్రం నిండుగా ఉండకూడదు. మూత్రాశయం నిండి ఉన్నా, మలబద్ధకం ఉన్నా, పుండు ఉన్నా, గోరు చర్మంలోకి గుచ్చుకుంటున్నా కాళ్ల బిగువు పెరుగుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. నిన్నటికంటే ఈరోజు కాలు బిర్రుగా ఉందంటే ముందు వీటిని వెతకండి, ఆ తర్వాతే మందు మోతాదు గురించి ఆలోచించండి.

పిక్క వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే అక్కడే ఆగిపోండి. పక్షవాతం వచ్చిన కాలిలో లోపలి సిరలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి ముందు డాక్టరుకు చెప్పాలి. కొత్తగా ఎముక విరిగినచోట, కీలు వాచినచోట వేగంగా సాగదీయడం చేయకండి.

"కాలు వదిలేయండి" అంటే చాలామంది వదలరు, వదలాలని ప్రయత్నించి ఇంకా బిగబడతారు. ఆ మాట అనకుండా కాలి బరువంతా మీరు తీసుకోండి. ఒక చేయి మోకాలి కింద, ఒక చేయి మడమ కింద పెట్టి, కాలిని మెల్లగా అటూ ఇటూ దొర్లించండి. పాదం బరువు మీ చేతిలో వాలిపోయినట్టు తెలిస్తే సిద్ధమైనట్టు. పాదం గాలిలో తనంతట తాను నిలబడి ఉంటే పేషెంటు ఇంకా పట్టుకునే ఉన్నారన్నమాట. వాళ్ల ఊరు గురించో పిల్లల గురించో అడగండి, మాటల్లో పడితే కాలు దానంతట అదే వదులవుతుంది.

రెండోది, నెమ్మదిగా సాగదీయడం

ముందు మోకాలు చాచి ఉంచండి. మడమను అరచేతిలో పట్టుకుని, పాదం అడుగు మీ ముంజేతికి ఆనేలా చూసుకోండి. మడమ పక్కకు తిరగకుండా నిలపండి. అలా చేయకపోతే పాదం మధ్యలో విరిగినట్టు వంగుతుంది, చీలమండ కదలకపోయినా కదిలినట్టు అనిపిస్తుంది. ఇప్పుడు పాదాన్ని పైకి, మోకాలి వైపు, వీలైనంత నెమ్మదిగా తీసుకురండి. మొత్తం కదలికకు నాలుగైదు సెకన్లు పట్టినా ఫర్వాలేదు.

ఎక్కడ ఆగిందో గోనియోమీటరుతో కొలవండి. పాదం, కాలు లంబంగా ఉంటే సున్నా. అంతకంటే పైకి వస్తే ప్లస్, కిందే ఆగితే మైనస్. ఈ నెమ్మది కోణాన్ని టార్డ్యూ పద్ధతిలో ఆర్2 అంటారు. కండరం నిజమైన పొడవు ఇది. రెండో కాలిలో కూడా కొలవండి, లేకపోతే ఈ అంకెను దేనితో పోల్చాలో తెలియదు.

తర్వాత మోకాలు వంచి మళ్లీ కొలవండి. పిక్కలో పైన ఉండే గ్యాస్ట్రోక్నీమియస్ మోకాలిని దాటి తొడ ఎముకకు అతుక్కుంటుంది. మోకాలు వంచితే అది వదులవుతుంది, కింద ఉన్న సోలియస్ ఒక్కటే అడ్డుగా మిగులుతుంది. రెండు కోణాలకూ పెద్ద తేడా ఉంటే సమస్య ఎక్కువగా గ్యాస్ట్రోక్నీమియస్‌లో ఉందని అర్థం. బొటులినమ్ ఇంజెక్షన్ ఏ కండరానికి ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు ఈ చిన్న తేడా ఎంతో పనికొస్తుంది.

మూడోది, వేగంగా సాగదీయడం

పాదాన్ని మళ్లీ కిందికి తెచ్చి రెండు మూడు సెకన్లు ఆగండి. ఇప్పుడు వీలైనంత వేగంగా పైకి తీసుకురండి. కుదుపుతో కాదు, ఒకే తీరుగా. రిఫ్లెక్స్ పెరిగి ఉంటే దారి మధ్యలో ఒకచోట పాదం టక్కున పట్టేస్తుంది. ఆ పట్టు తగిలిన కోణం ఆర్1. పట్టు చేతికి ఎలా తెలుస్తుందంటే, అప్పటిదాకా హాయిగా వస్తున్న పాదం ఒక్కసారిగా ఆగి, మీ వేళ్ల కింద పిక్క టెండన్ బిరుసెక్కుతుంది. కండరం మీద రెండో చేతి వేళ్లు ఆనించి ఉంచితే ఆ బిగువు ముందుగానే తెలుస్తుంది.

ఇదంతా వన్-ఎ చేసిన పని. మీరు ఎంత వేగంగా సాగదీస్తే అది అంత గట్టిగా కబురు పంపుతుంది. పై నుంచి మెదడు అదుపు తప్పిన వెన్నుపాము ఆ కబురుకు మోతాదు మించి స్పందిస్తుంది. జేమ్స్ లాన్స్ 1980లో స్పాస్టిసిటీకి ఇచ్చిన నిర్వచనంలోనూ ముఖ్యమైన మాట ఇదే, వేగాన్ని బట్టి పెరిగే సాగదీత రిఫ్లెక్స్.

స్పాస్టిసిటీలో గామా మోటార్ నరాలు స్పిండిల్‌ను ఎక్కువగా బిగించి పెడతాయని, అందుకే స్పిండిల్ అతిగా స్పందిస్తుందని పాత వివరణ ఒకటి ఇప్పటికీ చెబుతుంటారు. గామా నరాల పని నిజమే. కండరం పొట్టిదైనప్పుడు స్పిండిల్ వదులైపోయి మూగబోకుండా అవి దాన్ని బిగించి ఉంచుతాయి. కానీ మనుషుల నరాల్లో సన్నటి ఎలక్ట్రోడ్ పెట్టి వన్-ఎ సిగ్నళ్లను రికార్డు చేసినప్పుడు స్పాస్టిక్ పేషెంట్ల స్పిండిళ్లు అసాధారణంగా ఎక్కువ మోగుతున్నట్టు కనబడలేదు. తేడా ఎక్కువగా వెన్నుపాములోనే ఉంది. అదే కబురు వచ్చినా అక్కడి న్యూరాన్లు ఎక్కువగా కదులుతున్నాయి. బిగువు తగ్గించడానికి ఇచ్చే బాక్లోఫెన్ మాత్ర పనిచేసేది కూడా వెన్నుపాములోనే. వన్-ఎ చివరల నుంచి రసాయనం విడుదల కాకుండా అది తగ్గిస్తుంది.

వేగం పరీక్షను మళ్లీమళ్లీ చేయకండి. వరుసగా సాగదీస్తుంటే పట్టు తగ్గిపోతుంది. మొదటిసారి వచ్చిన ఆర్1, ఆరోసారి వచ్చిన ఆర్1 ఒకటి కావు. రెండు మూడు సార్లకు ఆగి, ప్రతి విజిట్లోనూ అన్నే సార్లు చేయండి.

మడతకత్తిలా వదిలేస్తే, ఆ క్రెడిట్ గాల్జీకి ఇవ్వకండి

కొందరు పేషెంట్లలో, మోకాలి దగ్గర, మోచేతి దగ్గర, పట్టు వచ్చాక మీరు ఇంకా నెడుతుంటే ఒక చోట అడ్డు ఒక్కసారిగా కరిగిపోతుంది. దీన్నే క్లాస్ప్ నైఫ్ అంటారు. కండరంలో బలం ఎక్కువైపోయింది కాబట్టి గాల్జీ లేచి కండరాన్ని వదులు చేసిందని చాలాకాలం చెప్పారు, పరీక్షల్లో ఇప్పటికీ అలాగే రాస్తున్నారు. కానీ లెక్క కుదరదు. గాల్జీ చిన్న బలానికే పలుకుతుంది, కాబట్టి అది అంత ఆలస్యంగా లేవాల్సిన పని లేదు. పైగా బలం తగ్గగానే అది నోరు మూసుకుంటుంది. క్లాస్ప్ నైఫ్‌లో మాత్రం బలం పడిపోయాక కూడా కండరం కాసేపు వదులుగానే ఉంటుంది. జంతువుల మీద చేసిన పరిశోధనల్లో దీనికి ఎక్కువ కారణంగా తేలినవి కండరంలోని సన్నని నరాల స్వేచ్ఛాగ్రాలు, అంటే గ్రూప్-త్రీ, గ్రూప్-ఫోర్ నరాలు. పైగా సాగదీత నెమ్మదించే కొద్దీ వన్-ఎ సిగ్నల్ కూడా తగ్గుతుంది, అదీ తోడవుతుంది.

అయితే గాల్జీకి టోన్‌లో పాత్ర లేదా? ఉంది, కానీ మంచం మీద పడుకున్న మనిషి కాలిలో వెతికితే దొరకదు. వన్-బి కబురు వెన్నుపాములో ఒక మధ్యవర్తి న్యూరాన్ మీదికి వెళ్తుంది. అదే న్యూరాన్ మీదికి వన్-ఎ, చర్మం, కీళ్లు, మెదడు నుంచి వచ్చే కబుర్లు కూడా చేరతాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని ప్రభావం ఎక్కువగా అదే కండరాన్ని తగ్గించే వైపు ఉంటుంది. నడిచేటప్పుడు మాత్రం, పాదం నేల మీద బరువు మోస్తున్న సమయంలో, వన్-బి దారి తిరగబడి కాలిని నిటారుగా నిలిపే కండరాలను ప్రోత్సహిస్తుంది. పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. గాల్జీని "బ్రేక్" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ సగం పోతుంది.

హోల్డ్-రిలాక్స్ సాగదీత చేయిస్తూ "గాల్జీ వల్ల కండరం వదులవుతోంది" అని పేషెంటుకు చెప్పే అలవాటు కూడా చాలామందికి ఉంది. పేషెంటు కండరాన్ని కొన్ని సెకన్లు బిగించి వదిలాక కోణం పెరగడం నిజమే, ఆ పద్ధతి మానక్కర్లేదు. కానీ బిగింపు ఆగిన వెంటనే గాల్జీ సిగ్నల్ ఆగిపోతుంది, కాబట్టి ఆ తర్వాత వచ్చే సాగుడును అది వివరించలేదు. సాగదీతను ఓర్చుకునే శక్తి కాస్త పెరగడం మరింత నమ్మదగిన కారణం. కోణాన్ని కొలిచి రాయండి, కారణాన్ని గాల్జీకి అంటగట్టకండి.

నాలుగోది, హేమర్

చేత్తో సాగదీసిన తర్వాత హేమర్‌తో అదే దారిని మరోసారి అడగండి. టెండన్ మీద తట్టడం అంటే కండరాన్ని అతి తక్కువ దూరం, అతి వేగంగా సాగదీయడమే. పేరు టెండన్ రిఫ్లెక్స్ అయినా పలికేది కండరం లోపలి స్పిండిల్, గాల్జీ కాదు. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ ఇద్దరూ మోకాలి రిఫ్లెక్స్ గురించి రాసినప్పటి నుంచీ ఈ పేరు అలాగే ఉండిపోయింది.

మోకాలికైతే పేషెంటును మంచం అంచున కాళ్లు వేలాడేలా కూర్చోబెట్టండి. మోకాలి చిప్ప కింద బొటనవేలు పెట్టి, మెత్తగా లోపలికి దిగే చోట టెండన్‌ను గుర్తించండి. హేమర్‌ను మణికట్టు నుంచి ఊపి, దాని బరువు మీదే పడనివ్వండి. భుజంతో కొట్టకండి. రెండో చేయి తొడ ముందు భాగం మీద పెట్టి ఉంచండి. కొత్తవాళ్లు పాదం ఎంత ఎగిరిందో చూస్తారు. చూడాల్సింది తొడ కండరం బిగిసిందా లేదా అన్నది. కీలు బిగుసుకుపోయినవాళ్లలో పాదం కదలకపోయినా కండరం బిగువు మీ చేతికి తెలుస్తుంది. చీలమండకైతే మోకాలు కొద్దిగా వంచి కాలిని బయటికి వాల్చి, పాదాన్ని మీ చేత్తో కొంచెం పైకి పట్టుకుని మడమ వెనుక టెండన్ మీద తట్టండి. మోకాలి రిఫ్లెక్స్ ఎల్3, ఎల్4 స్థాయిల నుంచి, చీలమండది ఎస్1 నుంచి వస్తాయి.

రిఫ్లెక్స్ రాకపోతే వెంటనే సున్నా అని రాయకండి. పేషెంటు రెండు చేతుల వేళ్లను కొక్కేల్లా కలిపి బలంగా లాగమనండి. లాగుతున్న క్షణంలోనే తట్టండి, లాగి వదిలేశాక కాదు. ఇది యెండ్రాషిక్ పద్ధతి. అప్పుడు కూడా రాకపోతే సున్నా. షుగర్ ఉన్న మనిషిలో రెండు చీలమండల రిఫ్లెక్సులూ పోయి, బొటనవేలి దగ్గర కంపనం తెలియకపోతే లావు నరాలు దెబ్బతిన్నాయని అనుమానించాలి, వన్-ఎ వాటిలో ఒకటి. ఒక్క వైపు మాత్రమే పోయి, నడుము నుంచి కాలికి దిగే నొప్పి ఉంటే ఎస్1 నరం మూలం దగ్గర ఒత్తిడి ఉందేమో చూడాలి. వచ్చినప్పుడు మామూలుగానే వచ్చి, పాదం తిరిగి వాలడం మాత్రం బాగా నెమ్మదిగా ఉంటే థైరాయిడ్ పరీక్ష రాయమనండి.

చివరగా మోకాలు కొద్దిగా వంచి, పాదాన్ని ఒక్కసారి వేగంగా పైకి నెట్టి అలాగే నొక్కి పట్టుకోండి. పాదం కొట్టుకోవడం మొదలైతే అది క్లోనస్, ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టండి. ప్రతి సాగుడుకూ ఒక బిగింపు, ఆ బిగింపు వదిలాక మీ చేతి ఒత్తిడి వల్ల మళ్లీ సాగుడు, అలా సెకనుకు సుమారు 5 నుంచి 7 సార్లు తిరుగుతుంది. టెన్షన్‌లో ఉన్న ఆరోగ్యవంతుల్లోనూ రెండు మూడు సార్లు రావచ్చు. ఆగకుండా కొనసాగితే, ఒక వైపే వస్తే పట్టించుకోవాలి.

ఒక కేసు, అంకెలతో

56 ఏళ్ల మనిషి, కుడివైపు పక్షవాతం వచ్చి రెండు నెలలైంది అనుకుందాం. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మడమ కాకుండా ముందు వేళ్లు నేలకు తగులుతున్నాయి, తర్వాత మోకాలు వెనక్కి విరుచుకుపోతోంది. ఇంట్లోవాళ్లు "కాలు బిగుసుకుపోయింది డాక్టర్ గారూ, మాత్ర రాయండి" అంటున్నారు.

ఎడమ కాలు మోకాలు చాచి నెమ్మదిగా చేస్తే ప్లస్ 12 వచ్చింది, వేగంగా చేసినా పట్టు లేదు. కుడి కాలు నెమ్మదిగా ప్లస్ 5, వేగంగా చేస్తే మైనస్ 15 దగ్గరే పట్టేసింది. మోకాలు వంచితే కుడివైపు నెమ్మది కోణం ప్లస్ 15కి వెళ్లింది, పట్టు సున్నా దగ్గర తగిలింది. కుడి చీలమండ రిఫ్లెక్స్ బాగా చురుగ్గా ఉంది, క్లోనస్ ఆరు సార్లు కొట్టుకుని ఆగింది.

దీన్ని చదివే తీరు ఇది. మోకాలు చాచినప్పుడు ఆర్2కీ ఆర్1కీ మధ్య 20 డిగ్రీలు ఉన్నాయి. ఆ 20 డిగ్రీలలో అడ్డు ఎక్కువగా రిఫ్లెక్స్ నుంచి వస్తోంది. ఆరోగ్యంగా ఉన్న కాలితో పోలిస్తే నెమ్మది కోణం 7 డిగ్రీలు తక్కువ, అంటే కండరం పొట్టిబడటం మొదలైంది కానీ ముదరలేదు. మోకాలు వంచితే హాయిగా వెళ్తోంది కాబట్టి ఎక్కువ బాధ్యత గ్యాస్ట్రోక్నీమియస్‌ది. నడకలో అడుగు చివర చీలమండకు సుమారు 10 డిగ్రీలు పైకి వంగే వీలు కావాలి. ఈయనకు వేగంగా వెళ్లేసరికి అంతకంటే చాలా ముందే పట్టేస్తోంది, ఆ పట్టును తప్పించుకోవడానికే మోకాలు వెనక్కి పోతోంది. ఇలాంటి ఒక్క కండరం సమస్యకు ఒళ్లంతా వదులు చేసే మాత్ర కంటే ఆ కండరానికే ఇచ్చే బొటులినమ్ ఇంజెక్షన్ గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడటం మంచిది. మాత్రతో మంచి కాలు కూడా బలహీనపడొచ్చు, మగత రావచ్చు. సాగదీత, స్ప్లింట్, బరువు వేసి నిలబడటం ఎలాగూ కొనసాగాలి.

అదే మనిషి ఆరు నెలలు ఏమీ చేయించుకోకుండా వచ్చారనుకోండి. నెమ్మది కోణం మైనస్ 5, పట్టు మైనస్ 10. తేడా ఐదు డిగ్రీలే. బయటికి చూస్తే ముందటికంటే ఎక్కువ బిగుసుకుపోయినట్టే ఉంటుంది, కానీ ఇప్పుడు అడ్డుపడుతోంది ముఖ్యంగా పొట్టిబడిన కండరమే. నరాన్ని కండరం నుంచి విడదీసే ఇంజెక్షన్ దాన్ని పొడవు చేయలేదు. వరుస ప్లాస్టర్ కట్లు, చివరికి టెండన్ పొడిగించే ఆపరేషన్ లాంటివే పనికొస్తాయి. మాడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేలు ఒక్కటే వాడితే ఈ తేడా తెలియదు. ఆ స్కేలులో ఒకే వేగంతో కదిపి అడ్డు మొత్తానికి ఒక మార్కు వేస్తారు, అందులో రిఫ్లెక్స్ ఎంత, పదార్థం ఎంత అన్నది విడిపోదు.

బిగువు ఉంది, కానీ వేగంతో మారడం లేదు

నెమ్మదిగా కదిపినా వేగంగా కదిపినా ఒకేలా, మొదటి నుంచి చివరిదాకా సీసపు గొట్టం వంచినట్టు ఉంటే అది స్పాస్టిసిటీ కాదు, రిజిడిటీ. పార్కిన్సన్స్‌లో ఇలా ఉంటుంది, వణుకు కూడా కలిసిన చోట పళ్ల చక్రం తిప్పినట్టు టకటకా తగులుతుంది. టెండన్ రిఫ్లెక్సులు మామూలుగానే ఉండొచ్చు. పేషెంటు తనే బిగబట్టినట్టయితే అడ్డు ప్రతిసారీ మారుతుంది, మాటల్లో పెట్టగానే తగ్గుతుంది.

ఇక కొత్తగా వెన్నుపాముకు దెబ్బ తగిలిన మనిషిలో, దెబ్బకు కింది భాగంలో కాళ్లు మెత్తగా, రిఫ్లెక్సులు లేకుండా ఉంటే నరాలు తెగిపోయాయని తొందరపడి అనుకోకండి. ఇది స్పైనల్ షాక్. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో రిఫ్లెక్సులు తిరిగి వచ్చి, తర్వాత బాగా పెరుగుతాయి. పక్షవాతం మొదటి రోజుల్లోనూ చేయి, కాలు ఇలాగే మెత్తగా ఉండొచ్చు. అందుకే తేదీ లేని టోన్ రిపోర్టుతో ఎవరికీ ఉపయోగం లేదు. రాసేటప్పుడు తేదీ, పడుకున్న తీరు, మోకాలు చాచారా వంచారా, నెమ్మది కోణం, వేగం కోణం, క్లోనస్ ఎన్నిసార్లు, బాక్లోఫెన్ చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు, ఇవన్నీ ఒకే వరుసలో పెట్టండి. మళ్లీ కొలిచేటప్పుడు కూడా మాత్ర వేసుకున్నాక అన్ని గంటలకే కొలవండి.